చెయ్యి పనిలో ఉండగా అన్న మాట

కోదాడలో కృపాకర్ పనిచేసే డయాలసిస్ సెంటరుకు వెళ్లి ఎవరినైనా అడగండి. "మా కృపాకర్ సారు డ్యూటీలో ఉంటే నాలుగు గంటలు ఎట్లా గడిచాయో తెలియదండీ, భలే నవ్విస్తారు" అంటారు. అదే మాట పట్టుకెళ్లి ఆయన సొంతూరు నిడమనూరులో చెప్పి చూడండి. చెప్పినవాణ్ని ఎగాదిగా చూస్తారు. "ఎవలు, యేసయ్య కొడుకా? వాడు నవ్విస్తడా? వానికి నోట్ల నాలికే లేదు గదా!" అంటారు.

రెండూ నిజమే. కృపాకర్‌కు ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. ఇప్పటికీ పెళ్లికి పోతే వంటవాళ్ల దగ్గర నిలబడతాడు. పదిమందిలో మైకు చేతికిస్తే, ఆ మైకును ఎవరికి అందించాలా అని దిక్కులు చూస్తాడు. చిన్నప్పుడు క్రిస్మస్ నాడు చర్చిలో వాక్యం చెప్పమని నిలబెడితే, మొదటి మాట దగ్గరే గొంతులో వెలక్కాయ పడ్డట్టయి, కిందికి దిగి అమ్మ కొంగులో తల దాచుకున్నాడు. అమ్మ ఎస్తేరు ఇంటికొచ్చి దిష్టి తీసింది. చర్చికి పోయేవాళ్లు దిష్టి తీస్తారా అని అడగకండి, కన్నతల్లికి అవన్నీ ఉంటాయా!

అయితే ఆ పిల్లవాడికి లోపల ఒక కోరిక ఉండేది. తండ్రి యేసయ్య నాట్లకు, కోతలకు కూలికి పోయేవాడు. మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పుకున్నప్పుడు ఎవడో ఒకడు ఒక మాట అనేవాడు, అందరూ పకపకా నవ్వేవాళ్లు. వీడు కొంచెం దూరంగా కూర్చుని, తనకు కూడా ఆ మాట వచ్చిందని, తను కూడా అనగలిగేవాడినని అనుకునేవాడు. అనేలోగా అందరూ లేచి పొలంలోకి దిగేవాళ్లు. పాపం, ఎన్ని మాటలు అట్లా లోపలే ఉండిపోయాయో!

మిర్యాలగూడలో టెక్నీషియన్ కోర్సు చదివాడు. మాట్లాడే పని తక్కువ, మిషను పని ఎక్కువ అని ఎవరో చెబితే నమ్మి అందులో చేరాడు. చెప్పినవాడెవడో గాని వాడికి దండం పెట్టాలి. కిడ్నీలు పాడైనవాళ్ల రక్తాన్ని మిషనులోకి తీసి, కడిగి, మళ్లీ ఒంట్లోకి పంపించే పని అది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు. వచ్చేది మళ్లీ మళ్లీ అదే మనుషులు, పడుకునేది అవే మంచాలు. సూర్యాపేటలో మొదటి ఉద్యోగంలో చేరిన వారానికే కృపాకర్‌కు అర్థమైంది, ఈ లోకంలో మాట్లాడకుండా తప్పించుకోలేని చోటు ఏదైనా ఉంటే అది ఇదేనని.

అయినా రెండేళ్లు తప్పించుకున్నాడు. ఎందుకంటే పక్కన గోపి ఉండేవాడు. గోపి ఇంకో టెక్నీషియన్. వాడు గదిలోకి వస్తే పండగే. హీరోల గొంతులు, లీడర్ల గొంతులు, చివరికి బస్టాండులో అనౌన్సుమెంటు చేసే ఆమె గొంతు కూడా చేసేవాడు. మంచాల మధ్య నిలబడి, చేతులు ఊపుతూ, ఒక్కో రోజు స్టూలెక్కి చేసేవాడు. సూదులు పెట్టేది కృపాకర్, నవ్వించేది గోపి. ఏర్పాటు బాగానే ఉంది. రెండువేల పదిహేడు మార్చిలో గోపికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. వెళ్లిపోయాడు.

గది చప్పబడిపోయింది. ఉదయం బ్యాచిలో ఆరుగురు. ఆరుగురూ ఫ్యాను వంక చూస్తూ పడుకునేవాళ్లు. వాళ్లలో మల్సూర్ ఒకడు. చివ్వెంల దగ్గరి ఊరు, సూర్యాపేట మార్కెట్ యార్డులో ఇరవై ఏళ్లు హమాలీ. బస్తా వీపున వేసుకుని లారీ మీదికి నడిచిన మనిషి, ఇప్పుడు రెండు సూదులకు కట్టుబడి నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలంటే ఎట్లా ఉంటుంది! ఒకరోజు మిషను వైపు చూస్తూ, "గోపి ఉన్నప్పుడు గీ రూము రూము లెక్క ఉండె. ఇప్పుడు కోల్డు స్టోరేజి లెక్క ఉన్నది" అన్నాడు.

ఆ మాట కృపాకర్‌కు సూటిగా తగిలింది. తను ఉన్న గదినే కదా కోల్డు స్టోరేజి అన్నాడు! ఆ రాత్రి కిరాయి గదిలో అద్దం ముందు నిలబడి ఒక నిర్ణయానికి వచ్చాడు. తను గోపి కావాలి. ఫోనులో జోకులు వెతికి, ఒకటి ఎంచుకుని, చేతులు ఎక్కడ ఊపాలో, ఎక్కడ ఆగాలో, మూడు రోజులు ప్రాక్టీసు చేశాడు. అయ్యో రామా, ఆ మూడు రోజుల కష్టం చదువు మీద పెట్టి ఉంటే డాక్టరయ్యేవాడు.

అది ఏప్రిల్ నెల. సూర్యాపేట ఎండలు మీకు తెలియనివి కావు. కృపాకర్ అందరికీ మిషన్లు పెట్టి, గది మధ్యకు వచ్చి, గొంతు సవరించుకున్నాడు. ఆరుగురూ తలలు తిప్పి చూశారు. జోకు ఒక చుట్టం గురించి. ఎండన పడి వస్తాడు, కోడలు మజ్జిగ ఇస్తుంది, ఇచ్చిన ప్రతిసారీ ఇంకా కావాలంటాడు. కృపాకర్ ప్రాక్టీసు చేసినట్టే, కొత్త కుండలో మజ్జిగ ఎంత చల్లగా ఉందో, నిమ్మకాయ ఎట్లా పిండిందో, చెంబు అంచు మీద నీటి బొట్లు ఎట్లా జారుతున్నాయో చేతులతో చేసి చూపించాడు. మూడో చెంబు దగ్గర గది వంక చూశాడు.

ఎవరూ నవ్వడం లేదు. ఒకాయన పెదాలు తడుపుకుంటున్నాడు. ఒకామె కళ్లు మూసుకుంది.

అప్పుడు తట్టింది. కిడ్నీలు పనిచేయని మనిషికి తాగిన నీళ్లు బయటికి పోవు. ఒంట్లోనే ఉండిపోతాయి, కాళ్లకు దిగుతాయి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. అందుకే వాళ్లకు రోజుకు ఇన్ని గ్లాసులని లెక్క. దాహమైతే నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేదా ఒక ఐసు ముక్క చప్పరించాలి. ఆ లెక్క రోజూ వాళ్లకు చెప్పేది ఎవరు? కృపాకరే! మజ్జిగ కోసం ప్రాణం కొట్టుకునే ఆరుగురి మధ్య నిలబడి మూడు చెంబుల మజ్జిగ పోశాడు మహానుభావుడు. జోకు చివర ఏముందో ఎవరికీ తెలియలేదు. నాలుగో చెంబు దగ్గరే ఆపేసి, స్టోరు రూములోకి వెళ్లి, దూది పెట్టెల మధ్య నిలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది.

అంతటితో పోతే బాగుండేది. మల్సూర్ తరువాతి వంతుకు రాలేదు. దాని తరువాతి వంతుకూ రాలేదు. ఆ పై వంతు రోజు పొద్దున భార్య సుక్కి ఆటోలో తీసుకొచ్చింది. మనిషి పడుకోలేకపోతున్నాడు, కూర్చుని రొప్పుతున్నాడు. కాళ్లు నొక్కితే వేలు గుంట పడుతోంది. తూకం వేస్తే ఉండాల్సిన దానికన్నా ఐదున్నర కిలోలు ఎక్కువ. అదంతా నీళ్లే. ఆక్సిజన్ పెట్టి, మిషనుకు ఎక్కించి, ఒక్కసారే తీస్తే గుండెకు ప్రమాదమని ఆ రోజు కొంత తీసి, మిగతాది తరువాతి వంతుకు ఉంచారు. డాక్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

"ఏం తాగినవన్నా?" అని కృపాకర్ మెల్లగా అడిగాడు.

"మజ్జిగ" అన్నాడు మల్సూర్. "ఆ దినం ఇంటికి పోయి కుండ ఎత్తిన. మల్ల మల్ల ఎత్తిన. ఎందుకు అబద్ధం ఆడాలె." కాసేపు రొప్పి, "నీ తప్పేం లేదు తమ్మీ. నాకే యాష్టకొచ్చింది. గీ పండుడు నాతోని గాదు. గీ రెండు దినాలు కానియ్యి. ఇగ రాను."

ఇగ రాను అంటే దాని అర్థమేమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. మిషను ఆపితే రెండు వారాలు, మహా అయితే మూడు. సుక్కి తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఉంది, ఆమెకు వినిపించలేదు.  ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది, అదీ తను నవ్వించబోయినందుకు! జన్మలో మళ్లీ నోరు తెరవకూడదని అనుకున్నాడు.

మూడో మంచం మీద అరుంధతి మేడం ఉండేది. సూర్యాపేటలోనే సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. ఆమె కూడా పెద్దగా మాట్లాడేది కాదు. కాని ఆమె దగ్గరికి ఆయాలు, నర్సులు ఏదో పని పెట్టుకుని వచ్చి, పోయేటప్పుడు నవ్వుకుంటూ పోయేవాళ్లు. అది కృపాకర్ చాలాసార్లు చూశాడు, ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు. ఆ రోజు ఆమె చేతికి పట్టీ కడుతుంటే ఆమే అంది:

"మజ్జిగ కథ చివరికేమైంది నాయనా?"

"వద్దు మేడం, ఆ ఊసెత్తకండి."

"నువ్వు గోపి లెక్క చెయ్యబోయినవ్. గోపికి అందరు తన దిక్కు సూస్తే బలమొస్తది. నీకు అందరు నీ దిక్కు సూస్తే ప్రాణం పోతది. నాకూ అంతే. ముప్పై ఏండ్లు క్లాసుల నిలబడ్డ గని, స్టాఫు రూముల నోరు లేవకపోయేది."

"మరి మీ దగ్గర అందరు నవ్వుతరు గదా?"

"నేను నవ్వియ్యను. ఎదురుంగ ఉన్నదాన్ని సూస్త. ఇద్దరికీ కనవడేదే, ఇద్దరికీ ఎరుకున్నదే, జర తగ్గించి అంట. అని నా పని నేను చేసుకుంట. వాళ్లు నవ్విన్రా లేదా అని మొకం దిక్కు సూడ." ఆమె పట్టీ వంక చూసుకుంది. "ఇదిగో, గిప్పుడు నువ్వు కట్టిన పట్టి ఉన్నది. సంక్రాంతి పార్సిలు కట్టినట్టు కట్టినవ్. ఇప్పుతె లోపల అరిసెలు ఉంటయా?"

కృపాకర్ చెయ్యి చూసుకున్నాడు. కంగారులో నిజంగానే ఆరు చుట్లు ఎక్కువ చుట్టాడు. ఫక్కున నవ్వాడు. ఆమె మాత్రం అప్పటికే చెప్పుల కోసం కింద వెతుక్కుంటోంది. ఆమె తన వంక చూడకపోవడం వల్లే తనకు నవ్వడం సులువైందని కృపాకర్‌కు అప్పుడు తెలిసింది. నవ్వితీరాలన్న బలవంతం లేదు. నవ్వకపోయినా ఆమె చిన్నబోయేది కాదు, ఎందుకంటే ఆమె అడగనే లేదు కదా!

"మల్సూర్ అన్న రానంటున్నడు మేడం" అన్నాడు కృపాకర్. 

"నువ్వు బతిమిలాడితె రాడు. వానికి భయం చెప్పేటోళ్లు బొచ్చెడు మంది ఉన్నరు. వాడు ఎవరో జర తెలుసుకో. మనం చేసే సగం పని అదే" అంది. 

ఒక రోజు విడిచి మల్సూర్‌ది ఆఖరి వంతు, అంటే మల్సూర్ అనుకున్న ఆఖరిది. తూకం మిషను మీద నిలబడ్డాడు. ఇంకా రెండు కిలోల ఎనిమిది వందలు ఎక్కువుంది. కృపాకర్ నెంబరు రాసుకోవడానికి వంగాడు. పెన్ను కాగితం మీద ఉంది, కళ్లు కాగితం మీద ఉన్నాయి. నిడమనూరులో కొనుగోలు కేంద్రం ముందు తండ్రితో కలిసి వడ్ల కుప్పకు కాపలా పడుకున్న రాత్రులు ఎందుకో గుర్తొచ్చాయి. కుప్ప దగ్గరికి వచ్చి మిషను పెట్టి చూసి, తేమ ఉందని, తూకంలో అంత తరుగు తీయాలని అనే మనుషుల గొంతు గుర్తొచ్చింది. ఆ గొంతు అనుకరించలేదు. తన గొంతుతోనే, తనలో తాను అనుకున్నట్టే అన్నాడు.

"తేమ ఎక్కువున్నది. తరుగు తీయాలె."

అని రాయడం పూర్తి చేశాడు. తల ఎత్తలేదు.  ఎవరూ నవ్వలేదు. సరే, ఇదీ పోయింది అనుకున్నాడు. సూదుల ట్రే తేవడానికి తిరిగాడు.

వెనక నుంచి మల్సూర్ గొంతు వచ్చింది. "పదిహేడు దాటిందా?"

పదిహేడు శాతం దాటితే వడ్లు తీసుకోరు. అది కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ ఎరుకే.

"దాటింది" అన్నాడు కృపాకర్, ట్రే సర్దుతూ.

"ఎండబోస్తె తీస్కుంటరా?"

"నాలుగు గంటలు ఎండబోయాలె. మధ్యల బొర్లించొద్దు."

మల్సూర్ తూకం మిషను మీదే నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లు యార్డులో ఎన్ని కుప్పల ముందు ఈ మాట విన్నాడో, ఎన్ని బస్తాలు మోశాడో, ఆ మనిషి ఇప్పుడు తనే కుప్పై నిలబడ్డాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. నంబరు మారిపోతోంది, కదలకన్నా అంటే ఇంకా నవ్వాడు. పక్క మంచాల వాళ్లకు సగమే అర్థమైంది, అయినా వాళ్లూ నవ్వారు. అరుంధతి మేడం అటు తిరిగి పడుకుని ఉంది, ఆమె భుజం ఊగుతోంది. కృపాకర్ నవ్వలేదు. తన నవ్వు తనే ముందు నవ్వితే అవతలివాడి నవ్వు చిన్నదైపోతుందని అంతకుముందు ఆయనకెవరూ చెప్పలేదు, ఆ నిమిషాన తనకు తనే కనిపెట్టాడు.

నాలుగు గంటలు అయిపోయాక మల్సూర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు: "ఎల్లుండి ఎన్నిటికి?"

కృపాకర్ ఆ రోజు స్టోరు రూములోకి మళ్లీ వెళ్లాడు. ఈసారి ఏడ్చాడు. సంతోషంతో.

ఆ తరువాత రోజుల్ని తలుచుకుంటే కృపాకర్‌కు ఇప్పటికీ కళ్లు మెరుస్తాయి. ఎంత మంచి రోజులు! పొద్దున ఆరున్నరకు షట్టరు ఎత్తేసరికి చివ్వెంల బస్సు దిగి మల్సూర్ గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. చేతిలో టిఫిను డబ్బా, మొహంలో ఏదో దాచుకున్న కళ. కృపాకర్ రోజుకు ఒకటో రెండో మాటలు అనేవాడు, అంతే. ఎక్కువగా తన మీదో, మిషను మీదో, కరెంటు మీదో. మిషను ఉన్నట్టుండి కూత పెడితే, మల్సూర్ చెయ్యి సరిచేస్తూ, "ఏం లేదన్నా, దానికి నా డ్యూటీ నచ్చలే" అనేవాడు. ఎదుటివాడి ఒంటి మీద, నొప్పి మీద ఏనాడూ అనలేదు. వాళ్లంతట వాళ్లు అంటే మాత్రం తనూ వంత కలిపేవాడు. సగం మాటలు ఎవరికీ నవ్వు తెప్పించేవి కావు. అవి గాలికి పోయేవి, వీడు బీపీ చూసుకునేవాడు, ఎవరికీ నష్టం లేదు.

ముఖ్యంగా ఇంకోటి నేర్చుకున్నాడు, ఎదుటివాడు ఏదైనా అంటే అడ్డం తొలగడం. మల్సూర్ ఒక మాట విసిరితే దాని మీద తను ఇంకో పెద్ద మాట వేసేవాడు కాదు. "అట్లనా?" అనేవాడు, "తర్వాత?" అనేవాడు, మనస్ఫూర్తిగా నవ్వేవాడు. దాంతో ఏమైందంటే, మల్సూరే ఆ గదికి మాటకారి అయిపోయాడు. బస్సులో చూసినవి, ఊళ్లో విన్నవి మూటగట్టి తెచ్చేవాడు. రెండు రోజులకొక మూట. కొత్తగా చేరినవాళ్లు సూది చూసి వణికిపోతే, "భయపడకు, కృపాకర్ తమ్మి చేతికి నొప్పి లేదు. మనకే ఉంటది" అనేవాడు.

అన్నివేళలా అంతా సవ్యంగా సాగలేదు. ఒక వానాకాలం మల్సూర్ మళ్లీ రాలేదు. పొద్దున ఎనిమిదైంది, తొమ్మిదైంది. పక్క మంచం ఆయన ముందటి వారమే పోయాడు, ఆ దిగులు మల్సూర్‌ను పట్టుకుందని అందరికీ తెలుసు. కృపాకర్‌కు ఫోను చేయడమంటే చచ్చేంత సిగ్గు. కరెంటు బిల్లు గురించి కూడా మెసేజి పెట్టే రకం. అయినా నంబరు కొట్టాడు. అవతల ఎత్తారు, హలో అనలేదు.

"అన్నా, నీ మంచం మీద కొత్తాయనను పండవెట్టిన్రు" అన్నాడు కృపాకర్. "మంచోడే. గని మాట్లాడ్తడు."

 "ఎంత మాట్లాడ్తడు?" అని వచ్చింది మల్సూర్ గొంతు.

"వచ్చిన కాన్నుంచి ఆపలే."

"ఏం మాట్లాడ్తడు?"

"వాళ్ల బర్రె గురించి."

అటు వైపు గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. "వానిని లేపు. వస్తున్న" అన్నాడు మల్సూర్. పదిన్నరకు ఆటో దిగాడు. కొత్తాయనను లేపలేదు, ఇంకో మంచం సర్దారు. బర్రె కథ మాత్రం మల్సూర్ పూర్తిగా విన్నాడు.

అట్లా ఆరేళ్లు. డాక్టర్లు కూడా ఇన్నాళ్లు బతుకుతాడని అనుకోలేదు. అరుంధతి మేడం మధ్యలోనే కూతురి దగ్గరికి మిర్యాలగూడ వెళ్లిపోయింది, అక్కడి సెంటరులో చేరింది. అప్పుడప్పుడు ఫోను చేసి, "ఇక్కడి పిల్లగాడు పట్టి మంచిగ కడ్తున్నడు, ఏం తోస్తలేదు" అనేది. మల్సూర్ రెండువేల ఇరవై మూడు చలికాలంలో పోయాడు. మిషను లేని రోజు, నిద్రలో, గుండె ఆగి. ముందు రోజు నాలుగు గంటలు పూర్తిగా పడుకుని, ఎల్లుండి ఎన్నిటికని అడిగి మరీ పోయాడు.

కృపాకర్ చావుకు వెళ్లాడు. డప్పుల మధ్య, జనం వెనక, ఒక వేపచెట్టు పక్కన నిలబడ్డాడు. సుక్కి దగ్గరికి వెళ్లి ఒక్క మాట అనాలనుకున్నాడు. ఏమనాలి? చేతిలో పని లేదు, ట్రే లేదు, కాగితం లేదు. ఊరికే నిలబడి మాట్లాడటం ఆయనకు ఏనాడూ రాలేదు. మాట లేకుండానే బస్సెక్కి వచ్చేశాడు. ఆ తప్పు ఆయన్ని చాలా రోజులు తిన్నది. ఆ తరువాత కొన్నాళ్లకు కోదాడకు మారాడు.

కిందటి ఎండాకాలం, మధ్యాహ్నం బ్యాచి మొదలయ్యే ముందు, కోదాడ సెంటరు బయట బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. సుక్కి. కోదాడలో చుట్టాల ఇంట్లో పెళ్లికి వచ్చిందట, అడుగుతూ అడుగుతూ ఇక్కడికి చేరింది. సన్నబడింది. కృపాకర్‌ను చూడగానే లేచి నిలబడింది.

"కూసో అక్కా" అన్నాడు. ఆయనా పక్కన కూర్చున్నాడు.  "నేను ఆ దినం వచ్చిన గని…" అని ఆగిపోయాడు.

"సూసిన. యాపచెట్టు కాడ నిలవడ్డవ్" అంది సుక్కి. "ఏం అనకపోతివి. అయిపాయె తియ్యి."

 ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఒకటి అడుగుదామని వచ్చిన తమ్మీ. ఆయన బస్సు దిగి బాట పొంటి ఒక్కడే నవ్వుకుంట వచ్చెటోడు. వారానికి మూడు దినాలు. ఊరోళ్లు పిచ్చి లేసిందనుకున్నరు. ఏందయ్యా అంటె, కృపాకర్ తమ్మి గిట్లన్నడు అని చెప్పబోయెటోడు. సగం చెప్పి, వద్దు తియ్యి, నీకు తెల్వదు, గాడ ఉంటెనే తెలుస్తది అనెటోడు. ఆరేండ్లు నేను వస్తె గా బయట బెంచీ మీదనే ఉంటి, రాని దినం పనికి పోతి. లోపల ఏమైందో నాకు తెల్వకపాయె."  "సచ్చిపోత, ఇగ పోను అన్న మనిషి ఆరేండ్లు పోయిండు. ఏం చెప్తివి తమ్మీ? నాకొక్కటి చెప్పు."

కృపాకర్ ఉలిక్కిపడ్డాడు. ఒక్కటి చెప్పు అంటే స్టూలెక్కి నిలబడ్డట్టే. కాని ఈమెకు లేదని ఎట్లా అంటాడు? ఆరేళ్లలో అన్న మాటల్లోంచి ఒకటి ఏరుకున్నాడు. మిషను గురించి అన్నది, మల్సూర్ పొట్ట పట్టుకుని నవ్వింది. సుక్కికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎప్పుడు అన్నాడో, మల్సూర్ ఎక్కడ పడుకున్నాడో, ఏమన్నాడో అంతా చెప్పాడు. ఆ మాట ఇక్కడ రాయమంటారా? రాసినా మీకు నవ్వు రాదు. ఆ గది లేదు, ఆ కూత పెట్టే మిషను లేదు, ఆ మనిషి లేడు.

చెప్పడం అయిపోయింది. సుక్కి ఇంకా ఉందేమోనని ఎదురుచూసింది.

"గంతేనా?"

"గంతే అక్కా."

"గిదేనా తమ్మీ?"

"గిదే."

సుక్కి ఆయన మొహం వంక చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గీ ముచ్చటకా," అంది, "గీ ముచ్చటకా ఆ మనిషి ఆరేండ్లు బస్సెక్కింది!"

అని నవ్వింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. ఏడుస్తూనే నవ్వింది, బెంచీ మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వింది. లోపలి నుంచి రోగులు తొంగి చూశారు. కృపాకర్ అటూ ఇటూ చూసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆమెతో పాటు తనూ నవ్వడం మొదలుపెట్టాడు.